మంత్రి పేరు తర్వాత చెప్పొచ్చు, ముందు ఉద్యోగాల లెక్క చెప్పండి

మన జిల్లాలో ఏ ఫ్యాక్టరీ మొదలైనా ఆ సాయంత్రం విలేకరుల వాట్సాప్‌లలో ఒక ప్రెస్‌నోట్ వచ్చి పడుతుంది. నెల్లూరులో ఒక పేపర్ డెస్క్‌లో పనిచేసిన రోజుల్లో అలాంటివి చాలా దిద్దాను. అందులో ఒకటి ఇప్పటికీ మర్చిపోలేను. మూడు పేజీలు. మొదటి పేజీ అంతా జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, హోదా ప్రకారం వరసగా పేర్లు. రెండో పేజీ ఛైర్మన్ గారి ప్రసంగం. ఎంతమందికి పని దొరుకుతుంది, ఏ చదువున్న వాళ్లని తీసుకుంటారు అన్నది మూడో పేజీ అడుగున, ‘తదితరులు పాల్గొన్నారు’కి సరిగ్గా ముందు రెండు లైన్లలో ఉంది.

పేజీలో నాకు దొరికిన చోటు సింగిల్ కాలమ్. రాత్రి తొమ్మిదిన్నరకి పేజీ వదలాలి కాబట్టి ఏ డెస్క్‌లో అయినా తోక నుంచే కోస్తారు, నేనూ అదే చేశాను, ఆ రెండు లైన్లూ పోయాయి. తెల్లారి ఆఫీసుకి ఫోన్. ‘అన్నా, ఆడ ఐటీఐ ఫిట్టర్ వాళ్లని తీసుకుంటున్నారా?’ నేను కోసేసిన చోటే ఉంది ఆ అబ్బాయికి జవాబు. తప్పు నాదే, కానీ ఆ మాటని కోతకి వీలుగా అడుగున పెట్టిన వాళ్లది అంతకంటే పెద్ద తప్పు.

ఊరికే విమర్శించడం కాదు, ఎలా రాయాలో చూపిస్తాను. విడవలూరు మండలంలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ మొదలైందనుకోండి (అంకెలు నేను ఊహించుకున్నవే). ‘అంగరంగ వైభవంగా ప్లాంట్ ప్రారంభోత్సవం’ అని హెడ్డింగ్ పెడితే అందులో వార్త ఏముంది? ‘విడవలూరులో రొయ్యల ప్లాంట్ మొదలు.. 300 మందికి పని’ అనండి. ఊరు, పని, అంకె మూడూ ఒక్క లైన్లో వచ్చేశాయి. మొదటి పేరా ఇలా: ‘రోజుకు 40 టన్నుల పచ్చి రొయ్యలు కొనే ప్లాంట్‌లో సోమవారం ఉత్పత్తి మొదలైంది. 60 కోట్లు ఖర్చయింది. 300 మందిని నేరుగా తీసుకుంటున్నాం, అందులో 220 పీలింగ్ పనులకు చదువుతో పని లేదు, దరఖాస్తులు ప్లాంట్ గేటు దగ్గరే.’ తర్వాత ఎవరు ఎంత కోసినా కోసుకోనివ్వండి, అసలు సంగతి మిగులుతుంది.

ఆ పేరాలో ‘పచ్చి’ అన్న ఒక్క మాట చూడండి. ‘సామర్థ్యం రోజుకు 40 టన్నులు’ అని వదిలేస్తే అది చెరువు నుంచి కొనే సరుకా, ప్యాక్ చేసి పంపే సరుకా తెలియదు. తల తీస్తేనే రొయ్య బరువులో మూడో వంతు దాకా పోతుంది. అంటే 40 టన్నులు ప్యాక్ చేయాలంటే 60 టన్నుల వరకు కొనాలి. చెరువు గట్టు మీద, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే కౌంట్ రేటు కోసం ఎదురుచూసే రైతుకి ఈ తేడా చాలా పెద్దది. ‘మొదలైంది’ అన్నా అంతే. శంకుస్థాపన, ట్రయల్ రన్, వాణిజ్య ఉత్పత్తి మూడూ వేరు వేరు రోజులు. కొన్ని నోట్లలో ఇవి కలిసిపోయి, ఒకే ఫ్యాక్టరీ రెండు మూడు సార్లు ‘ప్రారంభం’ అవుతుంది. పెట్టుబడి అంకె పక్కన ‘పెట్టాం’ అని ఉందా ‘పెడతాం’ అని ఉందా కూడా చూసుకోవాలి.

పీఆర్ వాళ్లు ఒక మాట అంటారు. స్థలం, కరెంటు, అనుమతులు ఇప్పించిన నాయకుడి పేరు మొదటి లైన్లో లేకపోతే రేపు మేం ఆయన ముందుకి ఎలా వెళ్తాం అని. వాళ్ల ఇబ్బంది నిజమే. అయితే ఫొటో ఉంది కదా, దాని క్యాప్షన్ ఉంది, రెండో పేరా ఉంది, గౌరవానికి అవి చాలు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది వేరే ఉంది. దాదాపు ప్రతి నోట్‌లోనూ కనిపించే ‘స్థానికులకు ప్రాధాన్యం ఇస్తాం’ అన్న వాక్యం. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో మన రాష్ట్రం చట్టమే చేసింది. అలాంటి చోట ‘ప్రాధాన్యం’ అన్న మాట దేనికి పనికొస్తుంది? భూములు ఇచ్చిన ఊళ్ల నుంచి ఎంతమంది, జిల్లా నుంచి ఎంతమంది, కంపెనీ రోల్స్‌లో ఎంతమంది, కాంట్రాక్టర్ కింద ఎంతమంది అని నాలుగు అంకెలు రాయండి. ‘ప్రత్యక్షంగా, పరోక్షంగా రెండు వేల మందికి’ అని కలిపేస్తే లారీ డ్రైవర్ నుంచి గేటు ముందు టీ బంకు దాకా అందరూ అందులోకి వచ్చేస్తారు. ఏడాది తర్వాత దాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు. విడిగా రాసిన అంకెనైతే ఊళ్లో వాళ్లు గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టగలరు, తగ్గితే అడగగలరు.

చివర్లో ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. ఆఫీసు ల్యాండ్‌లైన్ కాదు, రాత్రి ఎనిమిదింటికి డెస్క్ నుంచి ఫోన్ చేస్తే ఎత్తి, ‘అవునండీ, ఐటీఐ ఫిట్టర్లు పన్నెండు మంది కావాలి’ అని చెప్పగలిగే మనిషి నంబరు.