తప్పు నంబరుకు శుభాకాంక్షలు: ఒక విజ్ఞప్తి

పండగ శుభాకాంక్షలు సరైన మనిషికి పంపే దురలవాటును ఇకనైనా మానుకోవాలని ఒక బాధ్యత గల పౌరుడిగా విజ్ఞప్తి చేస్తున్నాను. నవ్వకండి, లెక్క చెబుతాను. కొన్నేళ్లుగా పండగ పండగకీ 240 మందికి తక్కువ కాకుండా శుభాకాంక్షలు పంపుతూ వచ్చాను, అందరూ తెలిసినవాళ్లే, అందరూ సరైనవాళ్లే, అందులో నేను పంపింది చివరిదాకా చదివిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు. చదివింది ఒకే ఒక్కాయన. ఆయనకని పంపలేదు.

ఈ జబ్బు పాతదే. ప్రపంచంలో మొట్టమొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న వెళ్లింది. నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటర్ ముందు కూర్చుని రిచర్డ్ జార్విస్ అనే ఆయన ఫోనుకు పంపాడు. అందులో ఉన్నది ‘మెర్రీ క్రిస్మస్’. అంటే ఈ విద్య పుట్టడమే పండగ గ్రీటింగుగా పుట్టింది, అదీ పండగకు 22 రోజుల ముందు. అందుకున్న ఫోనులో తిరిగి జవాబు కొట్టే వీలు లేదు. ఫోన్లు ఆ తర్వాత ఎంతో మారాయి గానీ, జవాబు ఇవ్వకపోవడమనే ఆ ఒక్క ఆచారాన్ని మనం ప్రాణం పెట్టి కాపాడుకుంటున్నాం.

నా పద్ధతి చెబుతాను. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు అని ఒకటుంది, ఒక్క దెబ్బకు 256 మందికి కొట్టెయ్యొచ్చు. కాకపోతే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. ఒకసారి అలా పంపి, సాయంత్రం ఎంతమందికి చేరిందో చూశాను. 38 మందికి. మిగతా 202 మంది ఫోన్లలో నేను లేను. ఆ బాధ పగవాడికి కూడా వద్దు. అప్పట్నుంచీ ఫార్వర్డే దిక్కు. ఒక విడతకు ఐదుగురే కాబట్టి 48 విడతలు. పండగ పూట పొద్దున్నే బొటనవేలు లాగేసేది.

ఆ జాబితాలో ఒకడు సుధాకర్ (పేరు మార్చాను, వాడు ఇది చదవడనుకోండి, అయినా మర్యాద). వాడు నంబరు మార్చి ఏడాదైందట, నాకు చెప్పలేదు. మనం వదిలేసిన నంబరును కంపెనీలు పాతిపెట్టవు, కొన్నాళ్లు పక్కన పడేసి ఇంకొకరికి ఇచ్చేస్తాయి. అమెరికాలో కనీసం 45 రోజులు ఆగాలి, భారత్‌లో 90 రోజులు. నంబరు చేతులు మారితే ఆనవాళ్లు కనిపిస్తాయి. పాత ఫొటో పోతుంది, ఆ సెట్టింగు ఆన్‌లో ఉంటే చాట్ మధ్యలో సెక్యూరిటీ కోడ్ మారిందని చిన్న అక్షరాల్లో ఒక లైను వస్తుంది. నా ఫోనులో ఆ రెండూ ఉన్నాయని తర్వాత తెలిసింది. అవి కనబడాలంటే చాట్ తెరవాలి కదా. ఫార్వర్డ్ చేసేవాడు చాట్ తెరవడు, వరుసగా పేర్ల మీద టిక్కులు పెట్టుకుంటూ పోతాడు, హాజరు పట్టీలాగా.

ఆ రోజు నేను పంపింది ఇది: ‘మీకు, మీ కుటుంబ సభ్యులకు హృదయపూర్వక హార్ధిక పండగ శుభాకాంక్షలు’. రాత్రి తొమ్మిదింటికి సుధాకర్ పేరు మీద జవాబొచ్చింది.

“అయ్యా, మీరెవరో నాకు తెలియదు. సుధాకర్ గారి కోసమైతే ఈ నంబరు ఇప్పుడు నాది, ఆయన కోసం నెలకు నాలుగు ఫోన్లు వస్తున్నాయి. ‘హార్ధిక’ కాదు, ‘హార్దిక’, ఒత్తు అక్కర్లేదు. హార్దిక అంటేనే హృదయానికి సంబంధించినది, కనుక ముందున్న ‘హృదయపూర్వక’ కొట్టేయండి. ఇక్కడ కుటుంబ సభ్యులెవరూ లేరు, నా వాటా వరకు తీసుకున్నాను. కృతజ్ఞతలు.”

పరువు పోయింది. అందరి ఫోన్లలోంచీ డిలీట్ చేయడానికి రెండు రోజులకు పైగా గడువుంటుంది, నా వేలు దాని మీదే ఉంది. కానీ డిలీట్ చేస్తే చేసినట్టు అక్కడో గుర్తు మిగిలిపోతుంది, దొంగ పారిపోతూ చెప్పులు వదిలేసినట్టు. పైగా నా శుభాకాంక్షల్లో ఒత్తు ఎక్కడ పడిందో చూసిన మనిషి భూమ్మీద ఒకరున్నారని తెలిశాక, చెరిపెయ్యడానికి మనసొప్పలేదు.

“మీరు తెలుగు మాస్టారా అండీ?” అని అడిగాను.

“కాదు, ప్రూఫ్ రీడర్ని. 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. అచ్చయ్యాక తప్పు దొరికితే ఇప్పటికీ నిద్ర పట్టదు.”

కాదన్నా నేను మాస్టారూ అనే పిలవడం మొదలుపెట్టాను. తర్వాతి పండక్కి భయపడి నా సందేశం ముందుగా ఆయనకే పంపాను. గంటకు ఒక ఫొటో వచ్చింది. నేను రాసిందాన్ని తెల్లకాగితం మీద మళ్లీ రాసి, ఎర్ర బాల్‌పెన్నుతో దిద్ది, మార్జిన్లో గుర్తులు పెట్టి, ఫొటో తీసి పంపారు. మూలన సగం బొటనవేలు కూడా పడింది, గోరు పక్కన ఎర్ర సిరా మరకతో సహా. ఎనిమిది లైన్లలో మూడు మిగిలాయి. ‘మీరు’ అన్నాయన ఆ పండక్కి ‘బాబూ’ అన్నారు. ఆ తర్వాత పండగతో పని లేకుండా కూడా ఫోటోలు రావడం మొదలైంది. దారిలో కనిపించిన బోర్డుల్లో తప్పులు, మందు సీసా మీది తప్పులు, ఒకసారైతే శుభలేఖలో పెళ్లికొడుకు పేరే తప్పు.

ఒక రోజు ఫోన్ చేసి, “ఈ 240 మందిలో ఎవరైనా ఫోన్ చేసి పేరు చెప్పకపోతే, గొంతు పట్టి గుర్తుపట్టేది ఎందర్ని బాబూ?” అన్నారు. కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాను. పందొమ్మిది. “అయితే మిగతాది ఎత్తేసేయ్, పేజీ తేలికవుతుంది” అన్నారు. ప్రూఫ్ రీడర్లకు మనుషులన్నా జాలి ఉండదు.

ఇదేదో నా ఒక్కడికే పట్టిన అదృష్టం అనుకోకండి. 2016లో అమెరికాలోని అరిజోనాలో ఒక అమ్మమ్మ, మనవడనుకుని పండగ భోజనానికి రమ్మని మెసేజ్ పెడితే అది ముక్కూ మొహం తెలియని పదిహేడేళ్ల కుర్రాడికి వెళ్లింది. ఫొటో పెట్టమని అడిగి, మా అమ్మమ్మవి కావు గానీ నాకూ ఒక ప్లేటు దొరుకుతుందా అన్నాడా కుర్రాడు. రమ్మంది. ఆ తర్వాత కూడా ఏటా పండక్కి కలుసుకుంటూనే వచ్చారు. సరైన నంబరుకే వెళ్లి ఉంటే మనవడు ‘ఓకే’ అని పెట్టి ఊరుకునేవాడు.

అన్యాయం చేయకూడదని సుధాకర్ కొత్త నంబరు కూడా సంపాదించాను, ముగ్గురిని అడిగి. ఫార్వర్డ్ కాదు, సొంతంగా రాసి, మాస్టారి చేత దిద్దించి, వాడి కూతురి పేరు గుర్తుపెట్టుకుని మరీ అడిగి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఒక దణ్ణం బొమ్మ వచ్చింది. ఆ వెంటనే ఒక దీపం బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాల్లో ‘హార్ధిక శుభాకాంక్షలు’, పైన చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని రెండు బాణాలు. దాన్ని మాస్టారికి చూపించాను.

“ఈయన కోసమా నాకు నెలకు నాలుగు ఫోన్లు!” అన్నారు.

ఈ వ్యాసం కూడా ముందు ఆయనకే పంపాను. శీర్షికలో ‘విజ్ఞాప్తి’ అని రాశానట, దీర్ఘం తీసేశారు. చివరి పేరా మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒకే ఎర్ర గీత, పక్కన మార్జిన్లో “ఇదంతా నన్ను పొగడటమే, అక్కర్లేదు” అని ఉంది. ఆ పేరా ఇక్కడ ఉండేది.