సవరణ: ఓటింగ్ పద్ధతిలో రెండో విడత తప్పనిసరి

జాబితాలో సగం కంటే ఎక్కువసార్లు వచ్చే విలువను, అంటే మెజారిటీని, వెతికే బోయర్–మూర్ ఓటింగ్ పద్ధతిలో ఒక అభ్యర్థినీ ఒక కౌంట్‌నూ ఉంచుకుంటాం: అదే విలువ వస్తే కౌంట్ పెంచుతాం, వేరేది వస్తే తగ్గిస్తాం, కౌంట్ సున్నా అయితే తర్వాతి విలువే కొత్త అభ్యర్థి. దీని గురించి మునుపటి పోస్టులో నేను రాసింది: “చివర్లో కౌంట్ సున్నా కంటే ఎక్కువుంటే, మిగిలిన అభ్యర్థే మెజారిటీ.”

ఇది తప్పు. `[1, 1, 1, 2, 2, 2, 3, 3]` తీసుకోండి. మూడు ఒకట్లతో కౌంట్ 3 దాకా ఎక్కుతుంది, మూడు రెండ్లు దాన్ని సున్నాకు దింపేస్తాయి. అప్పుడు 3 అభ్యర్థిగా కూర్చుంటుంది, చివరికి కౌంట్ 2. కానీ 3 వచ్చింది ఎనిమిదింటిలో రెండుసార్లే. మెజారిటీకి కనీసం ఐదు కావాలి. పైగా ఒకట్లూ రెండ్లూ దానికంటే ఎక్కువే ఉన్నాయి!

నేను పొరబడింది ఇక్కడే: కౌంట్ అంటే ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క కాదు, జతపడి రద్దవకుండా మిగిలినవి మాత్రమే. వేర్వేరు విలువల జతను తీసేస్తే నిజమైన మెజారిటీ ఓడిపోదు. అందుకే మెజారిటీ ఉంటే అది మిగిలే తీరుతుంది. మిగిలిందల్లా మెజారిటీ అని మాత్రం కాదు. కౌంట్ సున్నాతో ముగిస్తే మెజారిటీ లేదని ఖాయం. లేదంటే జాబితా `a`లో అభ్యర్థి `c` ఎన్నిసార్లు వచ్చిందో రెండో విడతలో లెక్కపెట్టాలి:

```python
ok = 2 * a.count(c) > len(a)
```

సరిగ్గా సగం వస్తే చాలదు, కనుక `>=` వాడొద్దు. రెండు విడతలైనా సమయం `O(n)`, అదనపు స్థలం `O(1)` గానే ఉంటాయి. మెజారిటీ ఉందని ప్రశ్నలోనే హామీ ఇస్తే ఈ విడత అక్కర్లేదు.