రిపోర్టులో స్టార్ లేదని మా బావ మాత్ర ఆపేశాడు

మొన్న ఆదివారం బొబ్బిలి నుంచి మా బావ వచ్చాడు. కాఫీ తాగుతూ జేబులోంచి ల్యాబ్ రిపోర్టు తీసి, "చూడు, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ తొంభై. పక్కన స్టార్ కూడా లేదు. నార్మలే గదా, ఇంకేటి? అందుకే ఆ కొలెస్ట్రాల్ మాత్ర మానీసినాను" అన్నాడు. మానేసి రెండు నెలలైందట.

విజయనగరంలో పదిహేనేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఈ మాట వారానికి ఒక్కరి దగ్గరైనా వింటాను. నాకు కోపం బావ మీద కాదు, రిపోర్టులో కుడిపక్క గడిలో అచ్చేసిన "130 లోపు" మీద. ఆ గడికి మనిషి వయసు తెలీదు, షుగరుందో లేదో తెలీదు. ముప్పై ఏళ్ల కుర్రాడికీ, గుండెకి స్టెంట్ వేయించుకున్న పెద్దాయనకీ ఒకటే లెక్క చెబుతుంది.

బావకి 52. షుగరొచ్చి పదకొండేళ్లు. బీపీ మాత్ర వేసుకుంటాడు. సిగరెట్ మానేశానంటాడు, చొక్కా వాసన వేరే చెబుతుంది. షుగరున్నవాళ్లకి నలభై నుంచి డెబ్బై అయిదు ఏళ్ల మధ్య, వేరే ఇబ్బందులేవీ లేకపోయినా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మధ్యస్థ మోతాదులో ఇవ్వమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. దానికి బీపీయో, పొగో, కిడ్నీ జబ్బో, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడమో ఒక్కటి తోడైనా ఎల్‌డీఎల్ లక్ష్యం 70 లోపు. అంతేకాదు, మందు మొదలుపెట్టకముందు ఉన్న అంకె కనీసం సగానికి తగ్గాలి. గుండెపోటో పక్షవాతమో ఇప్పటికే వచ్చుంటే 55 లోపు. అంటే బావ మురిసిపోయిన ఆ తొంభై, బావకి ఎక్కువే.

అందరూ అడిగే ప్రశ్న ఇక్కడే. బీపీకీ కొలెస్ట్రాల్ అంకెకీ ఏం సంబంధం? ఎల్‌డీఎల్ రక్తనాళం గోడలోకి దూరి పేరుకుంటుంది. షుగరూ బీపీ పొగా కలిసి ఆ గోడ లోపలి పొరని దెబ్బతీస్తాయి. అలాంటి గోడలోకి, తక్కువ ఎల్‌డీఎల్ అయినా దూరుతుంది. ఇక రెండో సంగతి, లాభం లెక్క. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు అయిదో వంతు తగ్గుతాయని పెద్ద పరిశోధనలు తేల్చాయి. ఈ వంతు అందరికీ ఇంచుమించు ఒకటే. కానీ ఒక ఊళ్లో వందలో అయిదుగురికి ప్రమాదం ఉందనుకోండి, ఒక్కరు బయటపడతారు. ఇంకో ఊళ్లో వందలో ముప్పైమందికి ఉందనుకోండి, ఆరుగురు బయటపడతారు. మందు అదే, మాత్ర అదే. అందుకే ప్రమాదం పెరిగేకొద్దీ డాక్టర్లు గీత కిందకి జరుపుతారు.

మర్నాడే బావకి మళ్లీ పరీక్ష చేయించాను. 138. మందు మొదలెట్టకముందు 140. అంటే ఆ తొంభై బావది కాదు, బావ వేసుకున్న స్టాటిన్, అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములది. మాత్ర మానగానే వెళ్లిపోయింది.

డాక్టరు గారు నేరుగా 40 రాశారు. "పది మీద నాలుగు రెట్లా!" అని బావకి టెన్షన్. మోతాదు నాలుగు రెట్లయితే ఫలితం నాలుగు రెట్లు కాదు. ప్రతి రెట్టింపుకీ అదనంగా దొరికేది ఆరు శాతం దాకానే. 10 నుంచి 20, 20 నుంచి 40, రెండు రెట్టింపులకి కలిపి పన్నెండు శాతం. 140లో పన్నెండు శాతమంటే 17, తొంభైలోంచి తీస్తే 73. లక్ష్యానికి ఇంకా మూడు పైనే ఉంది. అప్పుడు స్టాటిన్‌ని మరీ పెంచకుండా ఎజెటిమైబ్ కలుపుతారు. అది పేగుల్లో కొలెస్ట్రాల్ ఒంట్లోకి చేరకుండా ఆపుతుంది, ఉన్నదాంట్లో ఇంకో అయిదో వంతు తగ్గిస్తుంది. 73 కాస్తా 58 దగ్గరికొస్తుంది. కాగితం మీద లెక్క ఇది, ఒళ్లు ఎలా స్పందిస్తుందో ఆరు వారాలాగి చూడాలి. కండరాలు విపరీతంగా నొప్పులొచ్చినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆగకుండా డాక్టరుకి చెప్పాలి.

బావ మేనల్లుడికీ షుగరే, వయసు 31. ఎల్‌డీఎల్ 96. బీపీ లేదు, పొగ లేదు, మూత్రంలో ఆల్బుమిన్ లేదు. వాడికి ఇప్పుడు మాత్ర అక్కర్లేదన్నారు. కానీ వాళ్ల నాన్నకి యాభై అయిదు లోపే గుండెపోటు వచ్చుంటే అదే 96కి మాట మారేది. పెళ్లైన ఆడపిల్లలైతే ఇంకో సంగతి కూడా డాక్టరుకి చెప్పాలి, గర్భం కోసం చూస్తుంటే స్టాటిన్ ఆపిస్తారు.

మా అమ్మకి 78. పదేళ్లుగా స్టాటిన్ వేసుకుంటోంది, పడుతోంది, కాబట్టి కొనసాగించమన్నారు. డెబ్బై అయిదు దాటాక కొత్తగా మొదలెట్టాలంటే మాత్రం అంత తేలిక కాదు. కిడ్నీలు, మిగతా మందులు, ఒంట్లో ఓపిక చూసి, మనిషితో మాట్లాడి, మధ్యస్థ మోతాదే ఇస్తారు.

బావ రిపోర్టులో "130 లోపు" అన్నచోట పెన్నుతో కొట్టేసి 70 అని రాసిచ్చాను. వచ్చే నెల సిరిమాను జాతరకి వచ్చినప్పుడు మళ్లీ రక్తం ఇవ్వాలి. ఈసారి చొక్కా కూడా వాసన చూస్తానని చెప్పాను.