సవరణ: ఇంగ్లిష్ పదాల చివర వచ్చే ఎస్‌ని స్, జ్, ఇజ్‌లలో ఎలా పలకాలి

"అన్నా, పదం చివర E అక్షరం ఉంటే, ఎస్ కలిపినప్పుడు ఇజ్ అనాలని మీ పాత పోస్టులో అన్నారు కదా. మరి మేక్‌కి ఎస్ కలిపితే మేకిజ్ అనాల్నా?" అని హన్మకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిండు.

అనొద్దు, మేక్స్ అనాలి. ఆ పోస్టులో నేను రాసిన రూల్ తప్పు. డిక్షనరీలో ఉచ్చారణ గుర్తులు చూసి సరిచేస్తున్న. చూడాల్సింది చివరి అక్షరం కాదు, చివర వినిపించే శబ్దం. మేక్‌లో చివరి E అక్షరం పలకదు, చివర వినిపించేది క్. లాఫ్‌లో రాసేది జీ, హెచ్ అయినా వినిపించేది ఫ్, అందుకే లాఫ్స్.

ముందు స్, ష్, చ్, జ్ లాంటి బుసకొట్టే శబ్దం ఉందా చూడండి. ఉంటే ఇజ్: బసిజ్, వాచిజ్, ప్రైసిజ్. (హౌస్ మాత్రం మొండిది, బహువచనంలో హౌజిజ్ అవుతుంది.) లేకపోతే గొంతు మీద వేళ్లు పెట్టి చివరి శబ్దం పలకండి. ప్, ట్, క్, ఫ్‌లకు, మంత్‌లో చివరి శబ్దానికి గొంతు అదరదు, అక్కడ స్. మిగతా హల్లులకు, అచ్చులకు అదురుతుంది, అక్కడ జ్: డాగ్జ్, పెన్జ్, గోజ్. ఈ జ్ మన జడలో జ కాదు, ఉర్దూవాళ్లు 'జరా' అన్నప్పుడు వినిపించేది.

మనోళ్లకు ఈ పరీక్ష ఫెయిలయ్యే దగ్గర ఒకటుంది. కప్ అనకుండా 'కప్పు' అంటం. ఆ చివరి ఉకారానికి గొంతు అదిరి, జ్ అనుకుంటం. పెదాలు మూసి ప్ దగ్గరే ఆపితే అదురు ఉండదు, కప్స్ అని తేలుతుంది.