‘మా’ గడప, ‘మన’ గడప

“మనం, మేము రెండూ ఒకటే. ఏది వాడినా సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషువాళ్లకు ‘వి’, హిందీవాళ్లకు ‘హమ్’ ఒక్కటే చాలుతున్నాయి కదా! అనువాదంలో పోయేదేమీ లేదు” అనేవాళ్లున్నారు.

ఒకటే అయితే ‘మనం వెళ్దాం’ అన్నంత సులువుగా ‘మేము వెళ్దాం’ అని కూడా అనగలగాలి. తెలుగువారెవరూ అలా అనరు. ‘వెళ్దాం’ అనగానే ఎదుటి మనిషి అందులో చేరిపోతాడు. అతణ్ని బయట నిలబెట్టే ‘మేము’ దాని పక్కన ఇమడదు. మిగతా క్రియల్లో తేడా కనిపించదన్నది నిజమే. ‘మేము వెళ్తున్నాం’, ‘మనం వెళ్తున్నాం’ రెంటికీ క్రియ ఒకటే. అందుకే ఉత్తినే ‘రేపు వెళ్తున్నాం’ అంటే వెంటనే ‘నేనూ వస్తున్నానా?’ అన్న ప్రశ్న వస్తుంది. సందర్భం చాలనప్పుడు పుట్టే ప్రశ్న అది.

అసలు చాలాసార్లు సందర్భాన్ని తయారుచేసేదే ఈ మాట. ఒక కథ అనుకుందాం. కొత్త కోడలు ఏ పని మొదలుపెట్టినా అత్తగారు ‘మా ఇంట్లో ఇలా చేయమమ్మా’ అంటూ ఉంటుంది. కోపం లేదు, గొంతు పెంచదు. నెలలు గడిచాక ఒకరోజు ఎవరో చుట్టాలు వస్తున్నారని తెలిసి, ‘మన ఇంట్లో ఏం లోటు, రానీ’ అంటుంది. కోడలు చేస్తున్న పని ఆపి ఒక్క క్షణం అలా నిలబడిపోతుంది. కథ మొత్తం ఆ రెండు మాటల మధ్య నడిచింది. ఇంగ్లీషులో రెండుచోట్లా ‘అవర్ హౌస్’ అని రాస్తే కోడలు ఎందుకు నిలబడిపోయిందో ఆ పాఠకుడికి అంతుపట్టదు.

మంచి అనువాదకులు ఇక్కడ పేజీ అడుగున వివరణ రాసే జోలికి పోరు. మొదటి మాటను ‘ఈ కుటుంబంలో ఇలా చేయరు’ అన్న అర్థం వచ్చేలా మార్చి, ‘అవర్’ను ఎక్కడా ఖర్చు చేయకుండా దాచి, చివరి మాటలో మొదటిసారి వాడతారు. అప్పుడు ఆ మార్పు చెవికి తగులుతుంది. ఇలా చేయాలంటే కథ మొత్తం ముందే చదివి ఉండాలి. వాక్యం తరువాత వాక్యంగా చేసుకుంటూ పోతే దొరికే ఉపాయం కాదిది.

హిందీకి ఇంకో దారి ఉంది. ‘మా’కు ‘హమారే ఘర్’, ‘మన’కు ‘అపనే ఘర్’ అనవచ్చు. మాట్లాడే హిందీలో ‘అపనా’ ఎదుటివారిని కలుపుకుంటుంది. కానీ దానికి ఒక హద్దుంది. ‘అపనా’ మామూలుగా ఆ వాక్యంలోని కర్తను పట్టుకుంటుంది. ‘నువ్వు మన ఇంట్లో ఉండు’ అన్నదాన్ని ‘తుమ్ అపనే ఘర్ మే రహో’ అంటే ‘నీ సొంత ఇంట్లో ఉండు’ అని తిరగబడుతుంది.

‘ఒక్కటే చాలుతోంది’ అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఇంగ్లీషులో ‘లెట్స్’ అంటే ఎదుటివారు ఉండి తీరాలి. తూర్పు ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ‘హమ్’ తరచు ఒక్క మనిషే. దాన్ని ‘మేము’ అని దించితే మామూలు మనిషి మహారాజులా వినబడతాడు. మన ‘మా’ కూడా అంతే. ‘మా ఆవిడ’ను ‘అవర్ వైఫ్’ అని రాస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే మూలంలో లేని నిర్ణయం మనం చేయాలి. ప్రార్థనలో ‘పరలోకమందున్న మా తండ్రీ’ అన్నప్పుడు సందేహం లేదు. పిలుస్తున్నది ఆ తండ్రినే కాబట్టి ‘మన’ కుదరదు. కానీ ఒక నవలలో డాక్టరు రోగి కొడుకుతో, ఆపరేషన్ సంగతి ‘వి’ ఈ రాత్రికే తేల్చాలి అంటాడు. ‘మేము’ అంటే తేల్చేది వైద్యులు, కొడుకు వింటాడంతే. ‘మనం’ అంటే తండ్రి ప్రాణంలో సగం బరువు ఆ కుర్రవాడి నెత్తిన పడింది. సర్వనామం వదిలేసి ‘ఈ రాత్రికే తేల్చాలి’ అని తప్పుకోవచ్చు, తెలుగు ఆ వెసులుబాటు ఇస్తుంది. అయితే రెండు వాక్యాల తరువాత అదే డాక్టరు ‘టైము లేదు’ అన్నప్పుడు ‘మాకా, మనకా’ అన్నది మళ్లీ ఎదురవుతుంది. అప్పుడు చూడవలసింది ముందు పేజీలను: సంతకం కాగితం కొడుకు ముందు పెట్టారా, లేక తలుపు మూసి వైద్యులు లోపల మాట్లాడుకుంటున్నారా? వందో పేజీలో, ఆ రాత్రి తననెవరూ ఏమీ అడగలేదని కొడుకు వాపోతే, వెనక్కి వెళ్లి ప్రతి ‘మనకు’నూ ‘మాకు’గా దిద్దాలి.