సవరణ: ఫండ్లు కొన్నది 21న కాదు, 18న

“టెస్లాను ఫండ్లు డిసెంబర్ 21న కొన్నాయని రాశారు. ఆ రోజు అంత వాల్యూమ్ లేదే?”

తప్పు నాదే. 2020 డిసెంబర్ 21, సోమవారం మార్కెట్ తెరిచేసరికే టెస్లా అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500లో ఉంది. అంటే సూచీ లెక్కలోకి అది శుక్రవారం, 18వ తేదీ ముగింపు ధరకే చేరింది. సూచీని అలాగే అనుకరించే ఇండెక్స్ ఫండ్‌కు కావాల్సింది చవక ధర కాదు, సూచీ వాడిన ధర. సోమవారం కొంటే, ఈలోపు ధర కదిలిన కొద్దీ ఫండ్ రాబడి సూచీకి దూరమవుతుంది. అందుకే ఆర్డర్లు ఎక్కువగా శుక్రవారం ముగింపు ధరను తేల్చే ముగింపు వేలంలోనే పడ్డాయి. కొనడానికి డబ్బు కోసం ఫండ్లు మిగతా షేర్లను తలా కాస్త అప్పుడే అమ్మేశాయి. ఇంకోటి, నవంబర్ 16నే ప్రకటన వచ్చింది కాబట్టి ఈలోగా ముందే కొని పెట్టుకున్నవాళ్లు సుమారు 70 శాతం పెరిగిన ధరకు ఈ ఫండ్లకు అమ్మారు.