నలభై పుటలు ఇరవై కావాలంటే

“కనిగిరి ప్రాంతంలో మా ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి రాసిన నలభై పుటల నివేదికను ఇరవై పుటలు చేసి ఇమ్మన్నారు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?”

విశ్రాంత ఇంజనీరు: ప్రతి అధ్యాయాన్నీ సమంగా సగం చేయమ్మా, ఎవరూ అలగరు. బోర్ల పట్టిక స్థలం తింటున్నది, సగటు ఒక్కటి చాలు.

నివేదిక రాసినామె: ఆ సగటే మోసం చేస్తుంది సార్. ఆరు బోర్లలో లీటరుకు 0.8, 0.9, 1.0, 1.1, 1.2, 3.4 మిల్లీగ్రాములు వచ్చాయి, సగటు 1.4. మరో నీటి వనరు లేనప్పుడు భారతీయ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5 కనుక, సగటు చదివిన అధికారి నీళ్లు బాగున్నాయనుకొని ఫైలు మూస్తారు, బడి దగ్గరి బోరు నీళ్లు పిల్లలు తాగుతూనే ఉంటారు. పట్టికను తీసేద్దాం, కాని “అయిదు బోర్లు 1.2 లోపే, బడి బోరు 3.4” అనే వాక్యాన్ని వదలకూడదు. ఏ వివరం లేకపోతే చదివినవారి నిర్ణయం మారుతుందో అది ఉండాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది అన్న మాట కూడా అలాంటిదే. సర్వే బృందం ఏ రోజు ఏ వీధిలో తిరిగిందో చెప్పే పుటలు పోయినా ఎవరి నిర్ణయమూ మారదు.

ఇంజనీరు: ఆ 3.4 ఒక్క సీసా నీళ్ల ఫలితం కదా? మళ్లీ పరీక్షిస్తే 1.3 వచ్చిందనుకో, మొదటి పుటలో దాన్ని ఎత్తి చూపిన నివేదికను ఎవరు నమ్ముతారు?

(ఈ దెబ్బ గట్టిదే.)

ఆమె: నిజమే. అందుకే “ఒక్కసారే పరీక్షించాం, మళ్లీ పరీక్షించాలి” అన్న మాట అంకె పక్కనే ఉండాలి. కుదించేటప్పుడు ముందుగా కోతపడేవి ఇలాంటి జాగ్రత్త మాటలే. అవి పోతే సందేహంతో రాసిన అంకె రుజువైన సత్యంలా కనిపిస్తుంది. దాన్ని అనుబంధంలో పెట్టమనకండి, నకళ్లు తీసేటప్పుడు అనుబంధాలు ఊడిపోతాయి.

ఇంజనీరు: సరే, నేను రాసిన రాళ్ల అధ్యాయం?

ఆమె: ఏడు పుటలు సార్! గ్రానైట్ కథ ఎవరికి కావాలి?

ఇంజనీరు: కోపగించుకోవడం లేదు గాని, ఫ్లోరైడ్ ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే నీళ్లలో కరుగుతుందని తెలియకపోతే, బడి పక్కనే మరింత లోతుగా ఇంకో బోరు వేస్తారు. అదే రాయిలోకి దిగితే లోతు ఎంతైనా గ్యారంటీ లేదు.

ఆమె: ఆ ఒక్క వాక్యం ఉంచుతాను. మిగిలిందంతా పోతుంది.

ఇంజనీరు: గారపట్టిన పళ్ల ఫోటోలు?

ఆమె: అవి ఉండాలి.

ఇంజనీరు: ముఖాలు కనిపిస్తున్నాయి. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు ఉన్నాయా?

ఆమె: కొందరివే ఉన్నాయి. పళ్ల వరకే కత్తిరిస్తే?

ఇంజనీరు: అప్పుడు అవి మన ఊరి పిల్లలవేనని ఎవరు ఒప్పుకుంటారు?